జిలుమాకుకు ఎరుపు, పరకకు స్టార్: పిల్లల తెలుగు రాత యాప్‌ని ఏడాదికి పైగా వాడాక

మా పాప రెండో తరగతిలో ఉండగా ఈ యాప్ వేసుకున్నాం. ఇప్పుడు మూడో తరగతి. ఇంట్లో ఒకటే ట్యాబ్, దాన్నే మూడేళ్ళ చిన్నోడు కూడా లాక్కుంటాడు. అక్షరాల పాఠాలు, బొమ్మ చూసి పేరు రాయడం లాంటివి బాగానే ఉన్నాయి, వాటి గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. నేను రాసేది 'నీ ఇష్టం రాయి' అనే పేజీ గురించి. పాప సొంతంగా కల్పించిన మాటల్నీ చిన్నోడు కీబోర్డు మీద కొట్టిన దెబ్బల్నీ ఈ పేజీ ఒకే గాటన కడుతోంది. రెండూ ఒకటి కావు, తేడా పట్టుకోవడం కూడా అంత కష్టం కాదు.

ఆ పేజీలో రాసిన ప్రతి మాటనీ యాప్ తన పదాల జాబితాతో పోల్చి చూస్తుంది. ఉంటే పచ్చ, ఒక స్టార్. లేకపోతే ఎరుపు. వరసగా మూడు ఎరుపులు పడితే 'కాస్త ఆగు' అని తెర ఒక నిమిషం ఆగిపోతుంది. వారం చివర మాకు వచ్చే రిపోర్టులో వాటన్నిటినీ 'అర్థంలేని టైపింగ్' కింద లెక్కేస్తుంది.

ఒకరోజు పాప రాసింది ఇది:

జింగిరి జింగిరి జిలుమాకు
చింగిరి చింగిరి చిలుమాకు
గింగిరి గింగిరి గిలుమాకు
తమ్ముడూ తమ్ముడూ అలగమాకు

మొదటి పాదం దాటకుండానే తెర ఆగిపోయింది. పట్టు వదలకుండా మళ్ళీ మళ్ళీ మొదలుపెట్టి నాలుగు పాదాలూ పూర్తి చేసింది. చివరికి 'తమ్ముడూ' ఒక్కటే పచ్చ. 'అలగమాకు' కూడా ఎరుపే! మా గుంటూరు వైపు రోజూ అనే మాట అది. జాబితాలో 'అలగవద్దు' ఉంది, 'అలగకు' ఉంది, ఇది లేదు.

ఆ పాట నిదానంగా చూడండి. మొదటి మూడు పాదాల్లో ఏ అక్షరంతో పాదం ఎత్తుకుందో అదే అక్షరంతో చివరి మాటా మొదలవుతుంది. ప్రతి పాదం చివరి మాటలో రెండో అక్షరం లకారమే, ముగింపు 'మాకు'. నాలుగో పాదంలో మొదలు మారింది గానీ ఆ లకారం, ఆ 'మాకు' కదల్లేదు. అర్థంలేని మూడు పాదాల మీదుగా నడిచొచ్చి అర్థమున్న మాట మీద ఆగింది. పాపకి యతి, ప్రాస అనే పేర్లు తెలియవు, చెవికి మాత్రం తెలుసు. నాయనమ్మ నోట 'ఏడవమాకు, పరిగెత్తమాకు' రోజూ వింటుంది కాబట్టి ఆ 'మాకు' పట్టుకుని దానికి ముందు తనకి నచ్చిన చప్పుళ్ళు అతికించింది.

ఇక చిన్నోడి సంగతి. ఈ యాప్ కీబోర్డు ఇన్‌స్క్రిప్ట్ అనే కీల అమరికలో ఉంటుంది. మధ్య వరసలో ఎడమచేతి వైపు ో ే ్ ి ు, అంటే గుణింతం గుర్తులూ పొల్లూ. కుడిచేతి వైపు ప ర క త చ ట. వాడి అరచెయ్యి ఎడమవైపు పడితే హల్లు లేకుండా గుర్తులు ఒక్కటే వస్తాయి. తెర మీద చుక్కల సున్నాలు, వాటికి వేలాడుతూ గుడులూ కొమ్ములూ. అలాంటిది చూస్తే అది చెయ్యి పడి వచ్చిందని దాదాపు చెప్పేయొచ్చు, ఎందుకంటే పలకడానికి అక్కడ అక్షరమే లేదు.

చిక్కంతా కుడివైపు. తెలుగు హల్లుకి అకారం దానంతటదే వస్తుంది కాబట్టి ఆ వైపు ఎలా కొట్టినా నోటికి పలికే మాటే పడుతుంది. 'పరకత', 'తకర', ఏదైనా చదవొచ్చు. ఒకసారి చిన్నోడు వేలు పెట్టి ఎడమ నుంచి కుడికి జారిస్తే వరసగా ప, ర, క పడ్డాయి. 'పరక' అంటే గడ్డిపరక, జాబితాలో ఉన్న మాటే. పచ్చ వచ్చింది, స్టార్ వచ్చింది. అక్క గంటసేపు కట్టిన పాటకి దాదాపు అంతా ఎరుపు, తమ్ముడు వేలు జారిస్తే స్టార్. పాప ముఖం చిన్నబోయింది. ఆ తర్వాత చాలా రోజులు ఆ పేజీలో 'ఆవు, పలక, ఇల్లు' తప్ప ఏమీ రాయలేదు. నాకు బాగా కోపం వచ్చింది అప్పుడే.

కాబట్టి మాట జాబితాలో ఉందా లేదా, నోటికి పలుకుతుందా లేదా అన్న రెండు పరీక్షలూ చాలవు. నేను చూసేవి వేరే. చెయ్యి తగిలి పడిన అక్షరాలు కీబోర్డులో పక్కపక్కనే ఉంటాయి. 'జిలుమాకు' రాయాలంటే మూడు వరసల మీదా వేళ్ళు తిరగాలి, ప్రతి హల్లు వెనకా దాని గుణింతం వెతుక్కోవాలి. ఇంకొకటి, చెరిపి రాయడం. పెద్దవాళ్ళ పేజీలో చెరిపేసినవి కూడా కనిపిస్తాయి. పాప మొదట 'జిల్మాకు' అని రాసింది. స్పీకర్ బొమ్మ నొక్కితే యాప్ దాన్ని చదివి వినిపిస్తుంది. విని, నచ్చక, పొల్లు తీసి కొమ్ము పెట్టింది. లేని మాటకి స్పెల్లింగ్ దిద్దుకుంది! చిన్నోడు రాసినదాంట్లో దిద్దుబాటు ఒక్కటీ లేదు. అలాగే, ఏం రాశావో చదువు అంటే పాప ఈరోజు చదివినట్టే రేపూ చదువుతుంది.

ఎటూ తేలనివి కూడా ఉన్నాయి. పాప గట్టిగా పిలిచినట్టు రాయాలని 'అమ్మా' తర్వాత దీర్ఘం గుర్తు అదే పనిగా నొక్కుతుంది. తెర మీద అది చిన్నోడి చుక్కల సున్నాల్లాగే ఉంటుంది. కానీ ముందు నిండు మాట ఉంది, పెరిగింది చివరి అచ్చు ఒక్కటే. క భాషతోనూ ఇదే గొడవ. బళ్ళో నేర్చుకొచ్చి 'నా పేరు' అనడానికి 'కనా కపే కరు' అని రాసింది. ఒకే కీ మళ్ళీ మళ్ళీ నొక్కుతున్నారని యాప్ హెచ్చరించింది. 'కకకక' అని పడితే ఆ మాట నిజమే. ఇక్కడ క మాత్రం అసలు మాటలోని ప్రతి అక్షరానికీ ముందు కొలిచినట్టు వస్తోంది. జంట మాటల్లో ఇంకా విచిత్రం: 'పలక గిలక' అంటే రెండూ పచ్చ, ఎందుకంటే గిలక అనే వస్తువు ఉంది కాబట్టి. 'పుస్తకం గిస్తకం' అంటే గిస్తకం ఎరుపు. పాప రెండిట్లో చేసింది ఒకటే పని.

మధ్యలో వచ్చిన అప్‌డేట్‌తో కొంత మెరుగైంది. సెట్టింగుల్లో 'సరదా రాత' ఆన్ చేస్తే ఆ పేజీలో ఎరుపులు రావు, తెర ఆగదు. 'నా మాటలు'లో మనం మాటలు చేర్చుకోవచ్చు. జిలుమాకు, అలగమాకు రెండూ చేర్చాం. రెండో పిల్లవాడికి వేరే ప్రొఫైల్ పెట్టుకునే వీలూ వచ్చింది, ఇంట్లో చిన్నపిల్లలుంటే అది తప్పక పెట్టండి. కానీ వారం రిపోర్టు మారలేదు. పాప పాటలు ఇప్పటికీ 'అర్థంలేని టైపింగ్' లెక్కలోనే పడుతున్నాయి. ఆ అంకె చూసి పిల్లని కోప్పడే తల్లిదండ్రులు ఉంటారు.

ఐదుకి మూడు స్టార్లు ఇస్తున్నాను. చదివి వినిపించే గొంతు కోసం, సరదా రాత కోసం ఈ ఏడాదీ చందా కట్టాం. కొత్తగా వేసుకునేవాళ్ళు సరదా రాత ముందే ఆన్ చేసుకోండి, దానంతటది ఆన్ అయి ఉండదు. రిపోర్టులో అంకె ఎక్కువగా కనిపిస్తే పిల్లని ఏమీ అనకముందు పెద్దవాళ్ళ పేజీ తెరిచి ఆ మాటలు చదవండి. తయారుచేసినవాళ్ళని అడిగేది ఒకటే: హల్లు లేని గుర్తుల్నీ పక్కపక్క కీల దెబ్బల్నీ ఒక లెక్కలో వెయ్యండి, పిల్లలు కల్పించిన మాటల్ని ఇంకో లెక్కలో చూపించండి.