రాసిచ్చి చెప్పించడమా, అడిగి చెప్పించడమా? డెంటల్ క్లినిక్ పేషెంట్ వీడియోకి ఏది మేలు?

విశాఖలో ద్వారకానగర్, ఎంవీపీ కాలనీ వైపు చిన్న చిన్న డెంటల్ క్లినిక్‌లు నడిపేవాళ్లు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. "మంచి ఫోన్ ఉంది, మాట్లాడటానికి పేషెంట్ కూడా ఒప్పుకున్నారు. ఏం చెప్పాలో మమ్మల్నే రాసిచ్చేయమంటారా, లేక మీరు ప్రశ్నలు అడుగుతారా?" రెండు పద్ధతుల్లోనూ వీడియోలు చేశాను. నా మొగ్గు ప్రశ్నల వైపే. అలాగని రాసివ్వడంలో లాభం లేదని కాదు.

రాసిస్తే పని పావుగంటలో అయిపోతుంది, ఎడిటింగ్ దాదాపు ఉండదు. డాక్టర్ గారికి టెన్షన్ కూడా తక్కువ, ఎందుకంటే పేషెంట్ నోటినుంచి తేడా మాట రాదు. ఈ భయం సబబైనదే. పేషెంట్లను ఆకర్షించడానికి ప్రకటనలు చేయడం తప్పని డెంటల్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2014 నాటి నీతి నియమావళి చెబుతోంది. కాబట్టి ఏ పద్ధతిలో తీసినా, పోస్ట్ చేసేముందు డాక్టర్ గారు ఆ నియమాలు దగ్గర పెట్టుకుని వీడియో చూడాలి. "జీవితాంతం గ్యారంటీ", "అస్సలు నొప్పే ఉండదు", "ముందు వెళ్లిన చోట పాడుచేశారు" లాంటి మాటలు వీడియోలో ఉండకూడదు. అయితే ప్రశ్నలడిగి తీసిన వీడియోలో కూడా వీటిని ఎడిటింగ్‌లో తీసేయవచ్చు. వీటికోసమే రాసివ్వక్కర్లేదు.

రాసిచ్చినదాన్ని అప్పజెప్పేటప్పుడు మనిషి కళ్లు పైకి వెళ్తాయి, గొంతు ఒకే తీరుగా సాగుతుంది. అంతకంటే పెద్ద నష్టం యాసకి జరుగుతుంది. గాజువాక నుంచి వచ్చిన పెద్దాయన తన మాటల్లో "ఏటి చెయ్యాలో తెలీలేదండి, లవంగం పెట్టీసుకుని కూర్చున్నాను" అంటారు. కాగితం ఇస్తే "నేను తీవ్రమైన దంత సమస్యతో బాధపడ్డాను" అని చదువుతారు. మొదటి మాట వింటే ఆ నొప్పి ఎరిగినవాళ్లు ఆగుతారు. రెండోదానికి ఎవరూ ఆగరు.

ఇక నా దృష్టిలో అసలు తేల్చే విషయం ఒకటుంది: అడిగినవాడి ప్రశ్నని వీడియోలోంచి తీసేశాక ఆ జవాబు ఒంటరిగా నిలబడుతుందా? "ట్రీట్‌మెంట్ ఎలా ఉందండి?" అంటే "బాగుందండి" అంటారు. "డాక్టర్ గారు బాగా చూశారా?" అంటే "ఆ, బాగా చూశారు" అంటారు. ప్రశ్న తీసేస్తే ఆ ముక్క దేనికీ పనికిరాదు. అంటే ఎడిటింగ్ సగం ప్రశ్నలోనే జరిగిపోవాలి. అభిప్రాయం అడగకూడదు, జరిగింది అడగాలి.

రూట్ కెనాల్ చేయించుకుని క్యాప్ వేయించుకున్న ఆ పెద్దాయననే తీసుకుందాం. ముందు ఊరికే, ఇవాళ ఎలా వచ్చారు, బస్సులోనా బండి మీదా అని అడుగుతాను. ఈ జవాబు వాడను. ఆయన గొంతు కుదుటపడటానికి, మైక్ సరిగ్గా వస్తోందో లేదో చూసుకోవడానికి అంతే. తర్వాత "నొప్పి బాగా ఎక్కువైన రాత్రి ఏం జరిగిందో మొదటినుంచి చెప్పండి, మీ చెల్లెలికి ఫోన్‌లో చెప్తున్నట్టు" అంటాను. చెల్లెలి మాట ఎందుకంటే, "పూర్తి వాక్యాల్లో చెప్పండి" అంటే మనుషులు బిగుసుకుపోతారు. విషయం తెలియని ఇంటిమనిషికి చెప్పమంటే మాత్రం ముందూ వెనకా కలిపి చెబుతారు.

ఆ తర్వాతి ప్రశ్న నాకు అన్నిటికంటే ముఖ్యం: "అంత నొప్పిలోనూ ఇన్నాళ్లు ఎందుకు రాలేదు?" సూదంటే భయం కావచ్చు, ఖర్చు కావచ్చు, ఎన్నిసార్లు తిరగాలో అన్న దిగులు కావచ్చు. చూసేవాళ్లు వాయిదా వేస్తున్న కారణం కూడా ఇదే. తర్వాత "కుర్చీలో కూర్చున్నాక మీరు అనుకున్నది ఏది, జరిగింది ఏది?" అని, "ఆ వైపు నమలడం మానేసినవాటిలో ఇప్పుడు ఏం తింటున్నారు?" అని అడుగుతాను. చివరగా "నేను అడగనిది ఇంకేమైనా ఉందా?" అని ఊరుకుంటాను. ఆయన మాట ఆపాక కూడా మూడు లెక్కపెట్టేదాకా నోరు తెరవను. మంచి వాక్యం ఒక్కోసారి ఆ ఖాళీలోనే వస్తుంది. వింటూ "ఊ, ఆహా" అనడం కూడా మానుకోవాలి. అవి ఆయన మాటల మీద పడితే తీయడం కుదరదు. తల ఊపితే చాలు.

తినే ప్రశ్న వల్ల షూట్ ఏ రోజు పెట్టాలో కూడా తేలుతుంది. చికిత్స రోజు వద్దు. మత్తు ఇంజక్షన్ తర్వాత పెదవి కొన్ని గంటలు మొద్దుబారి ఉంటుంది, మాట తడబడుతుంది. క్యాప్ వేసిన రోజైతే ఇంకా దాంతో తినలేదు. రెండు మూడు వారాల తర్వాత చెకప్‌కి వచ్చినప్పుడు తీస్తే చెప్పడానికి ఏదో ఒకటి ఉంటుంది.

క్లినిక్‌లో శబ్దం పెద్ద తలనొప్పి. కంప్రెసర్, సక్షన్, రోడ్డు మీది హారన్లు. పేషెంట్లు రాకముందు ఉదయాన్నే, రోడ్డుకి దూరంగా ఉన్న గదిలో పెట్టుకోండి. విశాఖ ఉక్కపోతలో ఏసీ ఆపితే చెమటలు పడతాయి కాబట్టి ముందు గది బాగా చల్లబరిచి, రికార్డింగ్ అప్పుడు మాత్రం ఆపండి. కాలర్ మైక్ లేకపోతే రెండో ఫోన్‌లో వాయిస్ రికార్డర్ ఆన్ చేసి ఆయన చొక్కా జేబులో పెట్టి, మొదట్లో ఒక్కసారి చప్పట్లు కొట్టండి. తర్వాత ఆ శబ్దం దగ్గర రెండిటినీ కలపవచ్చు. తెర మీద చారలు కదులుతుంటే అది మన 50 హెర్ట్జ్ కరెంటుతో వెలిగే లైట్ల వల్ల. సెకనుకి 25 ఫ్రేములు పెట్టి, షటర్ 1/50 చేస్తే చాలావరకు పోతుంది.

ఎడిటింగ్ ఫోన్‌లో కాదు, కాగితం మీద మొదలుపెట్టండి. పదకొండు నిమిషాల మాటలుంటే అన్నీ విని, పనికొచ్చే వాక్యాలు టైమ్‌తో సహా రాసుకోండి. నేను డెబ్బై అయిదు సెకన్లకి కుదిస్తాను. ఎందుకు రాలేదో చెప్పిన ఒక్క వాక్యం ముందుకొస్తుంది, అయిదారు సెకన్లు. తర్వాత నొప్పి రాత్రి, ఆ తర్వాత కుర్చీలో జరిగింది, చివర ఇప్పుడు తింటున్నది. క్లినిక్ పేరు ఆఖరి నాలుగు సెకన్లే. వాక్యం తెగిన ప్రతిచోటా ముఖం ఒక్కసారి గెంతినట్టు కనిపిస్తుంది. అక్కడ ఆయన గొంతు సాగుతుండగానే మెట్లెక్కుతున్న దృశ్యమో, ఫైల్ పట్టుకున్న చేతులో రెండు మూడు సెకన్లు వేయాలి. ఈ దృశ్యాలు ఇంటర్వ్యూ అయ్యాక తీయండి, ఏ మాట మీద ఏది కావాలో అప్పుడే తెలుస్తుంది. సౌండ్ పెట్టకుండా చూసేవాళ్ల కోసం తెలుగు సబ్‌టైటిల్స్ ఆయన అన్న మాటల్లోనే వేయండి, యాస దిద్దకండి.

కత్తెర వేయకూడని చోటు ఒకటుంది. "ఇంజక్షన్ అప్పుడు కాస్త చురుక్కుమంది, తర్వాత ఏమీ తెలీలేదు" అన్నారనుకోండి. మొదటి సగం తీసేయమని క్లినిక్‌వాళ్లు అడుగుతారు. నేను తీయను. తీస్తే ఆయన చెప్పనిది ఆయన చేత చెప్పించినట్టవుతుంది. పైగా ఆ చురుకు ఉండబట్టే మిగతాది నమ్ముతారు.

ఇంటినుంచి సెల్ఫీ వీడియో పంపమనడం దూరాన ఉన్నవాళ్లకి సరిపోతుంది, అంతే. డాక్టర్ గారే పక్కన కూర్చుని అడగడం మాత్రం వద్దు, ఎదుట ఉన్న మనిషిని పొగడటమే అవుతుంది.

ఎక్కడెక్కడ పెడతారో, వద్దంటే తీసేస్తారో లేదో తెలుగులో రాసి షూటింగ్‌కి ముందే సంతకం తీసుకోండి. ఎక్స్‌రే చూపించాలంటే దానికి విడిగా అడగండి. ఎడిట్ అయ్యాక మొదట చూడాల్సింది ఆ పెద్దాయన. ఆయన వద్దన్న ముక్క తీసేశాకే పోస్ట్ చేయండి.