జాగ్రత్త: బోర్డింగ్ పాస్ యాప్‌లో ఉంది కదా అని ఉట్టి ఫోన్‌తో ఎయిర్‌పోర్టుకి వెళ్లకండి

తెల్లవారుజాము ఫ్లైట్లకి వెళ్లేవాళ్లు, ముఖ్యంగా ఇంట్లో పెద్దవాళ్లను వెంటబెట్టుకుని వెళ్లేవాళ్లు ఇది ఒకసారి చదవండి. ఎయిర్‌లైన్ పేరు రాయడం లేదు. ఈ ఇబ్బంది ఏ యాప్‌తోనైనా రావచ్చు.

శంషాబాద్ నుంచి ఢిల్లీకి అమ్మకీ నాకూ టికెట్లు పుణెలో ఉండే తమ్ముడు తన నంబర్‌తో బుక్ చేశాడు. వెబ్ చెకిన్ ముందురోజే అయిపోయింది. రెండు పాస్‌లూ నా ఫోన్‌లో, ఎయిర్‌లైన్ యాప్‌లో, తమ్ముడి లాగిన్‌తో ఉన్నాయి. టెర్మినల్ గుమ్మం దగ్గర సీఐఎస్ఎఫ్ వాళ్లకి చూపించాం, సెక్యూరిటీకి ముందు స్కాన్ అయ్యాయి. అక్కడిదాకా ఏ గొడవా లేదు.

బోర్డింగ్ గేటు దగ్గర లైన్లో నిలబడి యాప్ తెరిస్తే, కొత్త వెర్షన్‌కి అప్‌డేట్ చేస్తే గానీ ముందుకు పోనంది. చేశాను. అప్‌డేట్ అయ్యాక లాగవుట్ చేసి పడేసింది. మళ్లీ లాగిన్ కావాలంటే ఓటీపీ తమ్ముడి నంబర్‌కి వెళ్తుంది. వాడేమో నైట్ డ్యూటీ చేసొచ్చి పడుకున్నాడు, ఎన్నిసార్లు చేసినా ఎత్తలేదు. ఈలోపు అప్‌డేట్ డౌన్‌లోడూ ఈ కాల్సూ కలిసి మిగిలిన కాస్త చార్జింగ్‌నీ తినేశాయి. ఫోన్ ఆగిపోయింది.

గేటు దగ్గర కుర్రాడు, "చెకిన్ కౌంటర్‌కి వెళ్లి ప్రింట్ తెచ్చుకోండి సార్" అన్నాడు. చెకిన్ కౌంటర్లు సెక్యూరిటీకి అవతల ఉంటాయి. అంటే వెనక్కి వెళ్లి మళ్లీ తనిఖీ లైన్లో నిలబడాలి. మామూలుగా డొమెస్టిక్ ఫ్లైట్లకి బయల్దేరే టైముకి 20, 25 నిమిషాల ముందే గేటు మూసేస్తారు. అమ్మకి మోకాళ్ల నొప్పులు. టెన్షన్‌తో ఆవిడ ముఖం చూడలేకపోయాను. పక్క డెస్క్ దగ్గరున్న సీనియర్ ఉద్యోగిని మా మాటలు విని, "ఐడీలు ఇవ్వండి" అంది. అమ్మ పర్సులో ఆధార్ కార్డు, నా దగ్గర డ్రైవింగ్ లైసెన్స్ ఉన్నాయి. పేర్లు కొట్టి చూసింది. మేం చెకిన్ అయినట్టు, మా సీట్లు, అన్నీ ఆవిడ స్క్రీన్ మీదే ఉన్నాయి. ఆ డెస్క్ దగ్గరే రెండు పాస్‌లూ ప్రింట్ తీసి చేతిలో పెట్టింది.

అందుకే గేటు దగ్గర ఫోన్ మొండికేస్తే ఎవరో పొమ్మన్నారని వెనక్కి పరుగెత్తకండి. చెకిన్ అయ్యారు అన్న సంగతి మీ ఫోన్‌లో కాదు, ఎయిర్‌లైన్ సిస్టంలో ఉంటుంది. ఫోన్‌లో కనిపించే కోడ్ ఆ వివరాలను వెతికి తీసే దారి మాత్రమే. "మా పేరు, సీటు నంబర్ మీ లిస్టులో చూడండి, ఐడీ ఇదిగో" అని అడగండి. ఒకరు కుదరదంటే గేటు ఇన్‌చార్జ్ ఎవరో కనుక్కుని వాళ్లని అడగండి. పీఎన్ఆర్ చెప్పగలిగితే ఇంకా తొందరగా దొరుకుతుంది.

ఈ పీఎన్ఆర్ దగ్గర ఇంకో చిక్కుంది. ట్రావెల్ సైట్లలోనో ఏజెంట్ దగ్గరో టికెట్ కొంటే వాళ్ల బుకింగ్ నంబర్ ఒకటి పెద్దదిగా, కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఎయిర్‌లైన్ వాళ్లకి అది పనికిరాదు. వాళ్లకి కావలసింది టికెట్ మీదే వేరుగా ఉండే ఆరు అక్షరాల, అంకెల పీఎన్ఆర్. పైగా బుకింగ్‌లో ఏజెంట్ మెయిలో నంబరో ఇచ్చి ఉంటే బోర్డింగ్ పాస్, గేటు మార్పు మెసేజ్ అన్నీ అతనికే పోతాయి. బుక్ చేసేటప్పుడే ప్రయాణం చేసేవాళ్ల నంబర్ పెట్టించండి. పీఎన్ఆర్, ఫ్లైట్ నంబర్, ఇంట్లోవాళ్ల ఫోన్ నంబర్లు రెండు ఒక కాగితం ముక్క మీద రాసి పర్సులో వేసుకోండి. ఫోన్ పోతే మనలో చాలామందికి సొంత తమ్ముడి నంబర్ కూడా గుర్తుండదు.

ఐడీ కార్డు అసలుది తీసుకెళ్లండి. ఎంఆధార్ యాప్‌ని ఎయిర్‌పోర్టులో ఒప్పుకుంటారు గానీ, ఫోన్ ఆగిపోతే పాస్‌తోపాటు అదీ పోతుంది. ఆ రోజు కార్డులు చేతిలో లేకపోతే ఆవిడైనా ఏం చేయగలిగేది కాదు.

ఇక పాస్ సంగతి. అన్నిటికన్నా నమ్మకమైనది కాగితమే. వెబ్ చెకిన్ అయిపోయినా సరే, సెక్యూరిటీలోకి వెళ్లకముందు కియోస్క్‌లో పీఎన్ఆర్ కొడితే ప్రింట్ వస్తుంది. లగేజీ ఇచ్చే కౌంటర్లో అడిగినా ఇస్తారు. కౌంటర్లో పాస్ ఇచ్చినందుకు అదనంగా డబ్బు తీసుకోకూడదని విమానయాన శాఖ 2022 జులైలో ఎయిర్‌లైన్లకు చెప్పింది. ఎవరైనా అడిగితే ఆ మాట గుర్తుచేయండి.

ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్తుంటే కాగితం ఇంకా అవసరం. సెక్యూరిటీలో ఆడవాళ్ల తనిఖీ వేరే చోట. ఫోన్ నా ట్రేలో ఎక్స్-రే మెషీన్లోకి పోతే అమ్మ చేతిలో ఏముంటుంది? ఎవరి పాస్ వాళ్ల దగ్గరుండాలి.

ప్రింట్ కుదరనప్పుడు పాస్‌ని యాప్ బయటికి తీయండి. పీడీఎఫ్ డౌన్‌లోడ్ చేయండి, కోడ్ మొత్తం పడేలా స్క్రీన్‌షాట్ తీయండి, ఆపిల్ వాలెట్‌లోనో గూగుల్ వాలెట్‌లోనో వేసుకోండి. ఇవి ఓసారి సేవ్ అయ్యాక నెట్ లేకపోయినా తెరుచుకుంటాయి. నిజంగా తెరుచుకుంటున్నాయో లేదో ఇంట్లోనే ఫ్లైట్ మోడ్ పెట్టి చూడండి. వాట్సాప్‌లో వచ్చిన ఫైల్‌ని నొక్కి డౌన్‌లోడ్ చేసుకోకపోతే నెట్ లేనిచోట మసక బొమ్మే కనిపిస్తుంది. అదే ఫైల్ తోడొచ్చేవాళ్ల ఫోన్‌లో కూడా పెట్టండి. తర్వాత సీటు మార్చుకుంటే మాత్రం పాత స్క్రీన్‌షాట్ తీసేసి కొత్తది తీయాలి. స్కాన్ కాకపోతే ముందు స్క్రీన్ వెలుతురు పూర్తిగా పెంచండి. సగం గొడవ అక్కడే తీరిపోతుంది.

పవర్ బ్యాంక్ చేతి సంచిలోనే ఉండాలి, చెకిన్ లగేజీలో వేయకూడదు. మామూలు 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్ దాదాపు 74 వాట్ అవర్లు, విమానంలో మామూలుగా ఒప్పుకునే 100 వాట్ అవర్ల పరిమితి లోపలే. కేబుల్ కూడా అదే సంచిలో వేసుకోండి.

యాప్ ఒక్కటే కాదు, వెనక సిస్టమ్ మొత్తం కూలిన రోజూ ఉంది. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే సైబర్ భద్రత కంపెనీ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ దెబ్బకి కంప్యూటర్లు ఆగిపోతే మన హైదరాబాద్‌లోనే పాస్‌లు పెన్నుతో రాసిచ్చారు. అలాంటి రోజు మీ పీఎన్ఆర్, సీటు నంబర్ ఉన్న కాగితం ఉంటే రాసేవాళ్లకీ సులువు.

యూరప్‌లో చదువుకునే మన పిల్లలకి ఒక మాట. ర్యాన్‌ఎయిర్ 2025 నవంబర్ 12 నుంచి కాగితం పాస్‌లు ఆపేసి యాప్ పాస్‌లకే మారింది. ఆన్‌లైన్ చెకిన్ ముందే చేసుకుని ఉంటే, ఫోన్ ఆగిపోయినా ఎయిర్‌పోర్టులో ఉచితంగానే సాయం చేస్తామంటోంది. చెకిన్ చేయకుండా వెళ్తే మాత్రం ఫీజు బాగానే పడుతుంది. కాబట్టి అక్కడ ఇంటి దగ్గరే చెకిన్ పూర్తి చేయడం మరవకండి.

నేను ఎయిర్‌లైన్‌కి రాస్తే "సాంకేతిక అసౌకర్యానికి చింతిస్తున్నాం" అని జవాబొచ్చింది, అంతే. మీకూ ఇలా జరిగితే విమానయాన శాఖ వారి ఎయిర్‌సేవా పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టొచ్చు. దానికి పీఎన్ఆర్, గేటు నంబర్, టైము రాసిపెట్టుకోండి. ఫోన్‌లో ఇంకా చార్జింగ్ ఉంటే ఎర్రర్ స్క్రీన్‌ని ఫోటో తీసి ఉంచుకోండి.