శ్రుతిపెట్టెతో నాలుగేళ్లు: మా బడి భక్తిగీతాల రికార్డింగు

కావలి దగ్గరి మా బడిలో ఏటా పిల్లల చేత భక్తిగీతాలు పాడించి, రికార్డు చేసి, తల్లిదండ్రులకు ఇస్తున్నాము. నాలుగేళ్లుగా ఈ పనికి ఆధారం నాబ్‌తో శ్రుతి సవరించే ఒక పాత ఎలక్ట్రానిక్ శ్రుతిపెట్టె. దాని నాదం నిండుగా ఉంటుంది, పిల్లలు ఇట్టే అందుకుంటారు. ఆ నాబ్ మీద మాత్రం నాకు కోపం ఇంకా చల్లారలేదు.

నిరుడు అన్నమాచార్యుల ‘ముద్దుగారే యశోద’ను ఎంచుకున్నాను. కురంజి రాగంలో పాడే ఈ పాట మంద్ర నిషాదం నుంచి మధ్యస్థాయి ధైవతం దాకానే నడుస్తుంది కనుక పై షడ్జంతో పని లేదు. నేను పాడుకునే ఐదు శ్రుతిలో మంద్ర నిషాదం దగ్గర పిల్లల గొంతు ఉత్త గాలిగా మిగిలింది. ఐదుకు పైన మళ్లీ మొదలయ్యే ఒకటి శ్రుతికి పెంచగానే అదే స్వరం స్పష్టంగా పలికింది.

చిన్నవాళ్లు పాట పాడుతుంటే, ఆరుగురు పెద్ద పిల్లలు ‘ఆ’ అంటూ షడ్జమో పంచమమో నిలపాలి. పాట గాంధారం మీదో మధ్యమం మీదో ఆగితే షడ్జం, రిషభం మీదో నిషాదం మీదో ఆగితే పంచమం. మధ్యమం దగ్గర పొరపాటున పంచమం పట్టినప్పుడల్లా పక్కపక్క స్వరాలు ఒరుసుకుని చెవికి గుచ్చుకునేవి, పిల్లలే ముఖం చిట్లించి సర్దుకునేవారు.

రైళ్ల చప్పుడు సద్దుమణిగే వేళ చూసుకుని మొదటి రోజు పాటను, మర్నాడు ఈ రెండో వరుసను విడిగా రికార్డు చేశాము. మధ్యలో ఎవరో పెట్టె తుడిచినప్పుడు నాబ్ వెంట్రుకవాసి కదిలింది. పిల్లలు పెట్టెతో చక్కగా కలిశారు కనుక నాకూ అనుమానం రాలేదు. రాత్రి రెండింటినీ కలిపి వింటే, షడ్జాలు కలిసిన ప్రతిచోటా నాదం సెకనుకు రెండుసార్లు ఉబ్బి తగ్గుతూ ఊగింది. ఒకటి శ్రుతి షడ్జానికి సెకనుకు సుమారు 262 కంపనాలు. రెండో రోజుది 264 దగ్గరికో 260 దగ్గరికో జరిగిందన్నమాట. విడివిడిగా వింటే ఏ వరుసలోనూ తప్పు దొరకదు. పిల్లల తప్పు రవ్వంత లేకపోయినా ఆరుగురినీ మళ్లీ పిలిచి పాడించవలసి రావడం నాకు చాలా కష్టమనిపించింది.

అప్పటినుంచి మొదటి రోజే పెట్టె నాదాన్ని పది నిమిషాలు రికార్డు చేసి, మిగిలిన రోజులన్నీ ఫోనులో దాన్నే వినిపిస్తున్నాను. ఫోనులో ఆ నిండుదనం కొంత తగ్గుతుంది. అదీగాక, పెట్టె నాదం నిండుగా ఉంటుందని ముందు చెప్పిన గుణమే మైకు దగ్గర ఇబ్బంది పెడుతుంది. గది అవతలి మూలన పెట్టకపోతే ‘ఆ’కారాన్ని మింగేస్తుంది.

బ్యాటరీలతో నడుస్తుంది కనుక, కరెంటు పోయే మా ఊళ్లో సాధనకు ఇప్పటికీ దీన్నే వాడుతున్నాను. రెండు వరుసలనూ ఒకే రోజు, ఒకేసారి పాడించగలిగినవారికి ఇది చాలు. నాలాగా వేర్వేరు రోజుల్లో రికార్డు చేసేవారు మాత్రం శ్రుతిని అంకెల్లో చూపే పెట్టెను చూసుకోవడం మేలేమో.