ఉద్యోగ వేదికల ప్రీమియం చందా: ఏ నెలలో కట్టాలి, దేనికి కట్టకూడదు

లింక్డిన్‌లో ప్రీమియం కెరీర్ చందాను రెండు ఉద్యోగ మార్పుల సమయంలో వాడాను. వాటి మధ్య కాలంలో మన దేశపు ఉద్యోగ సైటు ఒకదానిలో డబ్బు కట్టి, నా రెజ్యూమెను ముందు వరుసలో చూపించే సేవ కూడా తీసుకున్నాను. నా తీర్పు ముందే చెబుతాను. లింక్డిన్ ప్రీమియంకు అన్నీ సిద్ధం చేసుకున్నాక ఒకటి రెండు నెలలు కట్టడం సబబే. ఏడాది పొడవునా కట్టడం చాలామందికి అనవసరం. రెండో సేవకు మాత్రం నేను మళ్లీ డబ్బు కట్టను.

నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తాను, ఎక్కువగా బ్యాంకు చెల్లింపుల ప్రాజెక్టుల్లో. కాబట్టి ఇక్కడ చెప్పేది కొన్నేళ్ల అనుభవం ఉండి కంపెనీ మారాలనుకునేవారికి బాగా వర్తిస్తుంది.

ప్రీమియంలో డబ్బుకు నిజంగా విలువ ఇచ్చేది ఇన్‌మెయిల్ ఒక్కటే. మనకు పరిచయం లేని, మన కనెక్షన్లలో లేని మనిషికి నేరుగా సందేశం పంపే వీలు అది. ప్రీమియం కెరీర్‌లో నెలకు 5 ఇన్‌మెయిళ్లు వస్తాయి. వాడనివి తర్వాతి నెలకు జమ అవుతాయి కానీ 90 రోజులు దాటితే పోతాయి. మనం పంపినదానికి అవతలి వారు 90 రోజుల్లోపు బదులిస్తే, ఆ బదులు ‘వద్దు’ అని అయినా సరే, ఖర్చయిన ఇన్‌మెయిల్ తిరిగి మన ఖాతాలో పడుతుంది. నెలకు అయిదే కదా అనిపించవచ్చు. ఎవరికి రాయాలో తెలిస్తే అయిదు తక్కువేమీ కాదు.

ఎవరికి రాయాలన్నదే అసలు ప్రశ్న. చాలామంది మానవ వనరుల విభాగం వారికి రాస్తారు. వారి దగ్గర అప్పటికే వందల సందేశాలు పేరుకుని ఉంటాయి. నాకు పనికొచ్చింది ఆ ఉద్యోగం ఏ బృందంలో ఖాళీగా ఉందో ఆ బృందానికి మేనేజర్ ఎవరో వెతికి వారికి రాయడం. కొన్ని ఉద్యోగ ప్రకటనల కిందే నియామకం చూస్తున్నవారి పేరు ఉంటుంది. లేకపోతే కంపెనీ పేజీలో ఉద్యోగుల జాబితా తెరిచి, ఊరు, హోదా పెట్టి వెతికితే ఇద్దరు ముగ్గురు తేలతారు.

రెండోసారి వెతుకుతున్నప్పటి ఒక సందేశం సంగతి వివరంగా చెబుతాను. ఒక కంపెనీ సీనియర్ టెస్టర్ ఉద్యోగం ప్రకటించింది. చెల్లింపుల సెటిల్‌మెంట్ ఫైళ్లు సరిచూడటం అందులో ప్రధానమైన పని. టెస్టింగ్ మేనేజర్‌ను వెతికి పట్టుకుని నాలుగు వాక్యాలు రాశాను. మొదటి వాక్యంలో ఏ ప్రకటన గురించి రాస్తున్నానో దాని నంబరుతో సహా. రెండో దానిలో అదే పని నేను ప్రస్తుత ఉద్యోగంలో ఎలా చేశానో: రెండు రోజులు పట్టే సెటిల్‌మెంట్ పరీక్షలను ఆటోమేషన్‌తో ఒక పూటకు తెచ్చిన సంగతి. మూడో దానిలో నోటీసు ఇప్పటికే ఇచ్చానని, చివరి పని దినం ఫలానా తేదీ అని. చివరగా, పదిహేను నిమిషాలు మాట్లాడే వీలుందా అని. రెజ్యూమె జత చేయలేదు, నా గొప్పలు చెప్పుకోలేదు. కొద్ది రోజులకు బదులు వచ్చింది. ఆ ఖాళీ నిండిపోయిందని, పక్క బృందంలో ఒకటి తెరుస్తున్నారని రాసి, ఆ మేనేజర్‌కు నన్ను పరిచయం చేశారు. నాకు ఉద్యోగం వచ్చింది ఆ పక్క బృందంలోనే. ఆ ఖాళీ అప్పటికి ఏ సైటులోనూ ప్రకటనగా రాలేదు. దరఖాస్తు బటన్ ఎన్నిసార్లు నొక్కినా దాని దగ్గరికి చేరగలిగేవాణ్ణి కాదు.

ఇన్‌మెయిల్ ఖర్చు పెట్టేముందు ఒకటి చూసుకోండి. ప్రీమియం సభ్యుల్లో కొందరు తమది ఓపెన్ ప్రొఫైల్‌గా పెట్టుకుంటారు. వారికి ఎవరైనా ఉచితంగా రాయవచ్చు, ఇన్‌మెయిల్ తరగదు. రిక్రూటర్లలో ఇలాంటివారు తరచూ కనిపిస్తారు. అదే కంపెనీలో మీ కాలేజీ వారో, పాత సహోద్యోగో ఉంటే అసలు ప్రీమియం ఊసే వద్దు. వారి చేత రెఫరల్ పెట్టించుకోవడం అన్నిటికన్నా మేలు.

మిగిలిన ఆకర్షణల గురించి ఎక్కువ చెప్పేదేమీ లేదు. మన ప్రొఫైల్ ఎవరు చూశారో ఏడాది వెనక్కి వరకు చూపిస్తారు. కానీ తమ పేరు కనబడకుండా దాచుకుని చూసినవారి పేర్లు ప్రీమియం సభ్యులకూ కనిపించవు. ‘ఈ ఉద్యోగానికి మీరు ముందు వరుస అభ్యర్థి’ అనే గుర్తును చూసి ధైర్యం తెచ్చుకోకండి, అది లేదని వెనక్కి తగ్గకండి. అది ప్రొఫైల్‌లోని వివరాలను ప్రకటనతో పోల్చి యంత్రం వేసే అంచనా మాత్రమే, కంపెనీ నిర్ణయం కాదు. దరఖాస్తుదారుల సంఖ్య కూడా అంతే. కంపెనీ సొంత సైటుకు తీసుకెళ్లే ప్రకటనల్లో బటన్ నొక్కినవారిని లెక్కిస్తారు. వారిలో ఎంతమంది ఫారం పూర్తి చేశారో లింక్డిన్‌కు తెలిసే వీలు లేదు. వందల సంఖ్య చూసి దరఖాస్తు మానుకున్న స్నేహితులు నాకున్నారు. అది చూస్తే బాధ వేస్తుంది.

ఇక రెజ్యూమెను ముందుకు తెచ్చే సేవ సంగతి. నాతో పనిచేసి తర్వాత రిక్రూటర్‌గా మారిన ఒకావిడ తన తెర మీద వెతుకులాట ఎలా సాగుతుందో నాకు చూపించారు. ముందు నైపుణ్యాల పదాలు టైపు చేస్తారు. తర్వాత అనుభవం ఎన్నేళ్లు, ఊరు, ప్రస్తుత జీతం, నోటీసు కాలం, ఈ మధ్య సైటులోకి ఎప్పుడు వచ్చారు అన్నవి ఒక్కొక్కటిగా పెట్టి వడకడతారు. అంతకుముందు వేలల్లో ఉన్న పేర్లు ఆ తర్వాత పదుల్లో మిగిలాయి. డబ్బు కట్టినవారికి ఉండే ప్రత్యేక గుర్తు గురించి అడిగాను. “కనిపిస్తుందండీ, కానీ వడపోతలో మిగిలినవారికి కదా కనిపించేది. 90 రోజుల నోటీసు ఉన్నవారు మొదటే వెళ్లిపోతారు. వారికి గుర్తు ఉన్నా లేకపోయినా ఒకటే” అన్నారు.

నాకు ఆ సేవ ఎందుకు పని చేయలేదో అప్పుడు అర్థమైంది. అప్పటికి నా నోటీసు కాలం సరిగ్గా 90 రోజులు, రాజీనామా ఇవ్వలేదు. తర్వాత రాజీనామా ఇచ్చి, ప్రొఫైల్‌లో చివరి పని దినం నమోదు చేసి, నైపుణ్యాల వరుసను ప్రకటనల్లో వాడే మాటలతో సరిదిద్ది, రెండు మూడు రోజులకోసారి సైటులోకి వెళ్లి వస్తుంటే ఫోన్లు రావడం మొదలైంది. వీటిలో ఒక్కదానికీ డబ్బు అక్కర్లేదు. చేతిలో ఇంకో ఉద్యోగం లేకుండా రాజీనామా ఇవ్వడం అందరికీ కుదరదని తెలుసు. ఇంట్లో ఒక్క జీతమే ఉన్నవారికి నేను ఆ సలహా ఇవ్వను. కానీ 90 రోజుల నోటీసుతో ఉండి, గుర్తు కోసం డబ్బు కట్టవద్దని మాత్రం గట్టిగా చెబుతాను.

అప్పుడే చదువు పూర్తయినవారికి కూడా ప్రీమియం వల్ల పెద్దగా ఒరిగేది లేదు. ఇన్‌మెయిల్‌లో చూపించడానికి చేసిన పని అంటూ ఉండాలి కదా. ప్రీమియంతో పాటు వచ్చే లింక్డిన్ లెర్నింగ్ పాఠాలు బాగుంటాయి, కానీ వాటి కోసమే అయితే చందాకు ముందు ఇచ్చే ఉచిత నెలలోనే కూర్చుని పూర్తి చేయవచ్చు.

ఆ ఉచిత నెలను తొందరపడి మొదలుపెట్టవద్దు. ఒకసారి వాడుకుంటే మళ్లీ 12 నెలల వరకు ఇవ్వరు. ముందు ప్రొఫైల్ సరిచేసి, పది పన్నెండు కంపెనీలు ఎంచుకుని, ఒక్కోదానిలో ఎవరికి రాయాలో పేర్లు రాసిపెట్టుకున్నాక మొదలుపెట్టండి. ఉచిత గడువు ముగియడానికి కనీసం ఒక రోజు ముందు రద్దు చేయకపోతే కార్డు నుంచి డబ్బు వెళ్తుంది. ఐఫోన్ యాప్ ద్వారా తీసుకుంటే లింక్డిన్‌లో కాదు, ఆపిల్ ఖాతా సెట్టింగుల్లో రద్దు చేయాలి. చందా ముగిసిన రోజుతో మిగిలిన ఇన్‌మెయిళ్లూ పోతాయి కనుక, వాటిని ఆ లోపే పంపేయండి.