‘అన్నీ ప్యాకేజీలోనే సార్’ అన్న మాట నమ్మి క్లయింట్‌ని గేటు బయట నిలబెట్టాను

బెంగళూరులో క్లయింట్ విజిట్ కోసం టెక్ పార్కుల్లో ఒక రోజుకి మీటింగ్ రూమ్ తీసుకునేవాళ్ళు డబ్బు కట్టే ముందు ఇది చదవండి. పోయిన నెల నాకు జరిగింది. ఆ సంస్థ పేరు రాయడం లేదు. దాని తర్వాత ఇంకో నాలుగు చోట్ల విచారించాను, అన్నిచోట్లా పద్ధతి దాదాపు ఒకటే.

మాది ఎనిమిది మందిమి ఉన్న చిన్న కంపెనీ. ఫ్యాక్టరీల్లో లేబుళ్ళు తనిఖీ చేసే కెమెరా, దానికి సాఫ్ట్‌వేర్ తయారుచేస్తాం. మా ఆఫీసు ఒక ఇంటి పై అంతస్తులో ఉంది, కింద పిండిమర. అహ్మదాబాద్ నుంచి ముగ్గురు, హోసూరు ప్లాంట్ నుంచి ఇద్దరు, మొత్తం ఐదుగురు డెమో చూడటానికి వస్తామన్నారు. వాళ్ళని ఆ పిండిమర శబ్దంలో కూర్చోబెట్టలేక ఔటర్ రింగ్ రోడ్డు మీద, మారతహళ్ళి దాటాక ఒక పార్కులో రూమ్ బుక్ చేశాను. ప్యాకేజీ 14,500, దాని మీద 18 శాతం జీఎస్టీ, మొత్తం 17,110 రూపాయలు. అందులో ఎంట్రీ పాస్‌లు, రెండు కార్లకి పార్కింగ్, రిసెప్షన్‌లో మనిషి, లంచ్ అన్నీ కలిపి అని చెప్పారు. సేల్స్ అమ్మాయి మాట తీరు ఎంత బాగుందంటే, నేను రెండో ప్రశ్న వేయలేదు.

నాకు అప్పుడు తెలియనిది ఏంటంటే, మనకి ప్యాకేజీ అమ్మేవాళ్ళ చేతిలో ఉండేది వాళ్ళ అంతస్తులో ఉన్న అద్దం తలుపు దాకానే. ఆ తలుపు బయట ఉన్నదంతా పార్కు వాళ్ళది. మెయిన్ గేటులో సెక్యూరిటీ, విజిటర్ పాస్ ఇచ్చే సిస్టమ్, కింద లిఫ్టుల దగ్గర కార్డు గీకితే తెరుచుకునే గేట్లు, బేస్‌మెంట్ పార్కింగ్ అన్నీ పార్కు నిర్వహణ చూసే ఏజెన్సీ నడుపుతుంది. మనకి అమ్మినవాళ్ళు కూడా ఆ పార్కులో ఒక అద్దెదారులే. మన తరఫున వాళ్ళు రిక్వెస్ట్ పెట్టగలరు, అంతవరకే.

గురువారం ఉదయం 10:30కి మీటింగ్. సోమవారమే ఐదుగురి పేర్లు మెయిల్ చేశాను. ‘డన్ సార్’ అని జవాబొచ్చింది. గురువారం 10:05కి ఎయిర్‌పోర్టు క్యాబ్ గేటు దగ్గరికి వచ్చింది. గార్డు ట్యాబ్‌లో వెతికి, ‘లిస్ట్‌నల్లి హెసరిల్ల సార్’ అన్నాడు, అంటే లిస్టులో పేరు లేదని. నేను వెళ్ళి చూస్తే ఉన్నది ఒక్క నా పేరే, పక్కన ‘ప్లస్ 5’ అని. ఆ పార్కులో పాస్ మనిషికి కాదు, మొబైల్ నంబరుకి వస్తుంది. విజిటర్ నంబరుకి ఓటీపీ పోతుంది, దాన్ని గేటులో చెబితే ఫోటో తీసి స్లిప్ ఇస్తారు. సేల్స్ అమ్మాయి ఐదుగురి నంబర్లు అడగలేదు, నేను ఇవ్వలేదు. అందరినీ నా నంబరు మీద ఒకే ఎంట్రీగా వేసేసింది. సిస్టమ్ లెక్కలో పాస్ ఉన్నది నాకొక్కడికే.

అప్పటికప్పుడు కొత్త పాస్‌లు పెట్టాలంటే అద్దెదారు లాగిన్ నుంచి రిక్వెస్ట్ రావాలి. సరే, రిసెప్షన్‌కి ఫోన్ చేద్దామని కన్ఫర్మేషన్‌లో ఉన్న నంబరు కొట్టాను. అది సేల్స్ అమ్మాయి సొంత మొబైల్. ఆ రోజు ఆమెకి వీక్లీ ఆఫ్. ఇంకో నంబరు లేదు. ముగ్గురు అతిథులు, వాళ్ళలో ఒకాయనకి అరవై దాటాయి, దుమ్ములో మెట్రో పనుల పక్కన నిలబడ్డారు. నా ఒక్కడికైనా పాస్ ఉంది కాబట్టి సరిపోయింది. నేనే లోపల డెస్క్ దగ్గరికి పరుగెత్తితే అక్కడున్న అబ్బాయి మా కంపెనీ పేరుతో బుకింగే లేదన్నాడు. బిల్లు మా కంపెనీ పేరున ఉంది, డెస్క్ లిస్టులో మాత్రం నా సొంత పేరుంది. అది తేలడానికి పది నిమిషాలు పట్టింది. ఇక కెమెరా పెట్టె సంగతి. పాస్ ఉన్న నన్ను కూడా దాంతో లోపలికి పంపలేదు. లాప్‌టాప్ అయితే సీరియల్ నంబరు రాసుకుని వదిలేస్తారు. యంత్రం లాంటిది లోపలికి తెచ్చి మళ్ళీ తీసుకెళ్ళాలంటే రిటర్నబుల్ గేట్ పాస్ కావాలి, దానికి అద్దెదారు సంతకం, ముద్ర ఉండాలి. ఈ సంగతి ముందు ఎవరూ చెప్పలేదు. నేను అడగలేదు, అది నా తప్పే.

ఈలోగా హోసూరు కారు వచ్చింది. మాకు రూమ్ అమ్మినవాళ్ళకి పార్కు ఇచ్చిన విజిటర్ స్లాట్లే రెండు. వాటినే ఆ రోజు ఉన్న బుకింగ్‌లన్నిటికీ ‘రెండు కార్లకి పార్కింగ్’ అని అమ్మారు. ముందొచ్చినవాడిదే చోటు. మా వాళ్ళు వచ్చేసరికి రెండూ నిండిపోయాయి. వెనక్కి తిరిగి వెళ్ళండి అన్నాడు గార్డు. ఔటర్ రింగ్ రోడ్డు తెలిసినవాళ్ళకి ఈ మాట అర్థమవుతుంది. సర్వీస్ రోడ్డులో గేటు ఒక్కసారి దాటితే మళ్ళీ అక్కడికి రావడానికి ముందున్న యూటర్న్ దాకా పోవాలి. పక్కనే ఉన్న పే పార్కింగ్‌లో పెట్టి వాళ్ళు నడుచుకుంటూ వచ్చేసరికి 11:15. మీటింగ్ మొదలైంది 11:25కి.

లంచ్ దగ్గర ఇంకో దెబ్బ. వచ్చినవాళ్ళలో ఇద్దరు జైనులు. మెయిల్‌లో ‘జైన్ భోజనం ఇద్దరికి, వెజ్ ముగ్గురికి’ అని స్పష్టంగా రాశాను. వచ్చింది వెజ్ బిర్యానీ, ఆలూ కుర్మా, గోబీ మంచూరియా, పెరుగన్నం. ఇక్కడి కేటరర్లలో చాలామంది జైన్ అంటే ఉల్లి, వెల్లుల్లి తీసేస్తే చాలు అనుకుంటారు. జైనులు నేలలో పండే దుంపలేవీ తినరు. బంగాళాదుంప, క్యారెట్, ముల్లంగి, బీట్‌రూట్ కూడా ఉండకూడదు. పచ్చి అల్లం కూడా చాలామంది ముట్టరు, శొంఠి మాత్రం వాడతారు. పెరుగన్నం ఉందిగా అని నేను ఊపిరి పీల్చుకుంటే, దాని తాలింపులో అల్లం ముక్కలు, పైన క్యారెట్ తురుము. (మొదట వాళ్ళకి మన భోజనం తెప్పిద్దామనుకున్నాను. వెల్లుల్లి లేని గోంగూర పచ్చడి, వెల్లుల్లి తాలింపు లేని పప్పు ఎక్కడ దొరుకుతాయని ఆగిపోయాను. ముద్దపప్పు, నెయ్యి, తాలింపు లేని పెరుగు చెప్పి ఉంటే హాయిగా తినేవాళ్ళు.) చివరికి ఆ ఇద్దరూ అరటిపళ్ళు, పెరుగు తిన్నారు. ఏమీ అనలేదు. అదే ఎక్కువ బాధ.

ఇంకొకటి. పాస్ కోసమని ఒకచోట అతిథుల ఆధార్ ఫోటోలు వాట్సాప్‌లో పంపమన్నారు. పంపకండి. గేటులో చూపించడానికి డ్రైవింగ్ లైసెన్స్ సరిపోతుంది. తప్పక ఆధారే ఇవ్వాలంటే చివరి నాలుగు అంకెలే కనపడే మాస్క్‌డ్ ఆధార్ యూఐడీఏఐ సైటులోనే దిగుతుంది.

అదే క్లయింట్ రెండోసారి వస్తామన్నప్పుడు (రావడం నా అదృష్టం) వేరే చోట, వేరే పద్ధతిలో చేశాను. డబ్బు కట్టే ముందే, ‘పాస్ ఎవరి సిస్టమ్‌లోంచి వస్తుంది, మీ లాగిన్ ఎవరి దగ్గరుంది?’ అని అడిగాను. ఒకచోట జవాబు తడబడితే అక్కడ వదిలేశాను. తీసుకున్న చోట మూడు రోజుల ముందు ప్రతి అతిథి పేరు ఐడీలో ఉన్నట్టే, వాళ్ళ వాళ్ళ మొబైల్ నంబరు, లాప్‌టాప్ సీరియల్ నంబరు తీసుకుని ఒక్కొక్కరికీ వేర్వేరు ఇన్వైట్ పెట్టించాను. అతిథి ఫోనుకి వచ్చిన మెసేజ్ స్క్రీన్‌షాట్ తెప్పించుకున్నాక గానీ ఆ పేరు పక్కన టిక్ పెట్టలేదు. కెమెరా గేట్ పాస్ కాగితం ముందురోజే చేతికి తీసుకున్నాను.

అన్నిటికన్నా పనికొచ్చింది ముందురోజు ట్రయల్. మా టీమ్ కుర్రాడి పేరున ఒక విజిటర్ పాస్ పెట్టించి, బైక్ మీద కాకుండా క్యాబ్‌లో పంపాను. విజిటర్లని వదిలేది రెండో గేటులోననీ, మ్యాప్‌లో పిన్ మాత్రం స్టాఫ్ గేటు చూపిస్తుందనీ అప్పుడే తెలిసింది. వాడు అక్కడి నుంచి సరైన లొకేషన్ పంపితే అదే అతిథులకి పంపాను. లిఫ్టు దగ్గర కార్డు లేకుండా పైకి పోవడం కుదరదని, కింద నుంచి ఎవరైనా తీసుకెళ్ళాలనీ కూడా వాడే చెప్పాడు. ఆ ట్రయల్‌కి అయింది 340 రూపాయల క్యాబ్ ఖర్చు.

పార్కింగ్‌కి ‘రెండు కార్లు’ అన్న మాట ఒప్పుకోలేదు. కారు నంబరు రాసి, ఏ బేస్‌మెంట్, ఏ బే నంబరు అని మెయిల్‌లో రాయించుకున్నాను. చివరి నిమిషంలో హోసూరు వాళ్ళు కారు మార్చారు. నంబరు మారితే బూమ్ బ్యారియర్ దగ్గర ఆపేస్తారు కాబట్టి, డ్రైవర్ నంబరు కూడా నా దగ్గర ఉండటం ఉపయోగపడింది. వాళ్ళు టెంపో ట్రావెలర్‌లో వద్దామనుకుంటే నేనే వద్దన్నాను. ఆ బేస్‌మెంట్ ఎత్తు బోర్డు మీద 2.1 మీటర్లే. ఇన్నోవా పడుతుంది, ట్రావెలర్ పట్టదు.

రిసెప్షన్‌కి మొబైల్ నంబరు కాకుండా డెస్క్ నంబరు అడిగాను. ఆ రోజు ఉదయం షిఫ్టులో ఉండే ఇద్దరి పేర్లు తీసుకుని, ముందురోజు సాయంత్రం ఫోన్ చేసి, ‘రేపటి లిస్టులో మా కంపెనీ పేరు చదవండి’ అన్నాను. అక్షరం తప్పుంది, దిద్దించాను. లంచ్‌కి ‘జైన్’ అన్న ఒక్క మాట వదిలేసి వద్దన్న కూరగాయల పేర్లన్నీ రాసి పంపాను. కేటరర్ ఫోన్ చేసి, ‘అయితే కాకరకాయ చేయనా సార్?’ అన్నాడు. వద్దులే, బెండకాయ చాలన్నాను.

ఇక మొదటిచోట కట్టిన డబ్బు సంగతి. బుకింగ్ షరతుల్లో ‘బిల్డింగ్ నియమాలకు లోబడి’ అని ఒక లైనుంది. పాస్, పార్కింగ్ దాని కిందకి తోసేశారు. నేను పంపిన జైన్ భోజనం మెయిల్ తేదీతో సహా చూపిస్తే లంచ్ డబ్బు 1,800 వెనక్కి ఇచ్చారు. మిగతాదానికి నాలుగు గంటల ఉచిత మీటింగ్ రూమ్ వోచర్ పంపారు. మార్చి నెలాఖరు దాకా చెల్లుతుందట. ఎవరికైనా కావాలంటే తీసుకోండి, పాస్ మాత్రం మీరే తెచ్చుకోవాలి.