రెండు వీధులు, రెండు వాలులు: కాలనీ డ్రైనేజీ లైన్లను ఏళ్ల తరబడి వాడాక

మా కాలనీలో పక్కపక్కనే రెండు వీధులున్నాయి. ఒక్కో వీధికి 60 ఇళ్లు, 240 మీటర్ల లైను, 30 మీటర్లకొక మ్యాన్‌హోల్. రెండూ చివరికి ఒకే పంపు బావిలో కలుస్తాయి. వీధి నేల మీద చివరిదాకా వాలు మీటరే. మొదటి వీధిలో 200 ఎం.ఎం. హ్యూమ్ కాంక్రీటు పైపును 250కి 1 వాలులో, అంటే 250 మీటర్లకు ఒక మీటరు దిగేలా వేశారు. తర్వాత వేసిన రెండో వీధిలో 160 ఎం.ఎం. యూపీవీసీ ప్లాస్టిక్ పైపు ఉంది, గట్టిదనంలో ఎస్ఎన్-8 తరగతిది. పై 90 మీటర్లు 60కి 1, మిగతా 150 మీటర్లు 80కి 1 వాలు. ఒకే రకం ఇళ్లు, ఒకే నీటి వాడకం కాబట్టి పోల్చి చూడటానికి ఇంతకన్నా మంచి అవకాశం దొరకదు.

ముందు తీర్పు చెప్పేస్తాను. చిన్న పైపు, ఎక్కువ వాలు ఉన్న లైనే బాగా నడుస్తోంది. పెద్ద పైపు లైనుకు నీటిధారతో అడ్డు తీసే జెట్టింగ్ బండి మాటిమాటికీ వస్తుంది, అదీ ఎప్పుడూ పై మూడు మ్యాన్‌హోల్స్ దగ్గరికే.

మొదటి లైను డిజైన్ కాగితం మీద తప్పేమీ కనపడదు. 200 ఎం.ఎం. పైపు 250కి 1 వాలులో నిండుగా పారితే నీటి వేగాన్ని చెప్పే మానింగ్ సూత్రం లెక్కన సెకనుకు 0.66 మీటర్లు వస్తుంది. డ్రైనేజీ డిజైన్లకు కేంద్ర సంస్థ సీపీహెచ్ఈఈఓ ఇచ్చిన మాన్యువల్ మొదట్లో వచ్చే గరిష్ఠ ప్రవాహానికి 0.6, డిజైన్ కాలం చివరి గరిష్ఠ ప్రవాహానికి 0.8 అడుగుతుంది. 0.66 చూసి మొదటి గీత దాటిందనుకుని ఆమోదించేశారు. కానీ ఆ పైపు ఎన్నడూ నిండదు. 60 ఇళ్లకు ఇంటికి ఐదుగురు చొప్పున 300 మంది. తలసరి 135 లీటర్లు, అందులో 80 శాతం డ్రైనేజీకి వస్తుందనుకుంటే రోజుకు 32,400 లీటర్లు. పొద్దుటి రద్దీకి సగటును మూడింతలు చేసినా వచ్చేది సెకనుకు 1.1 లీటర్లే. ఆ పైపు పట్టేది 20 లీటర్లు. అంటే అడుగున మూడు సెంటీమీటర్ల లోతులో నీళ్లు పాకుతుంటాయి, వాటి వేగం 0.35. అదీ లైను చివర. పై 90 మీటర్ల చివర 22 ఇళ్ల నీళ్లే ఉంటాయి కాబట్టి అక్కడ 0.26కి పడిపోతుంది. వాకిళ్లు కడిగిన మట్టి, మేడ మీద నుంచి దొంగచాటుగా కలిపిన వాన గొట్టాల ఇసుక ఆ వేగానికి కదలవు. ఇసుక తిన్నె కట్టాక దాని వెనక మలం ఆగుతుంది, దాని మీద వంటింటి జిడ్డు పేరుకుంటుంది.

రెండో లైనులో అదే 22 ఇళ్ల దగ్గర వేగం సుమారు 0.5, చివర 0.6. పైన ఇంకా 0.6 అందలేదన్న మాట నిజమే. అయితే పై భాగంలో స్థిరమైన ప్రవాహమంటూ ఉండదు. ఎవరో ఫ్లష్ చేసినప్పుడు ఒక అల వస్తుంది, మలాన్ని కొంత దూరం తోసి వదిలేస్తుంది, తర్వాతి అల అక్కణ్నుంచి మళ్లీ తోస్తుంది. వాలు ఎక్కువైతే ఒక్కో అల ఎక్కువ దూరం తోస్తుంది. అందుకే ఉన్న వాలంతా సమానంగా పంచకుండా ఇళ్లు తక్కువుండే పైభాగానికి ఎక్కువిచ్చి, నీళ్లు పోగయ్యే కింది భాగానికి తగ్గించడం పనికొచ్చింది. చాలాచోట్ల తిరగేసి చేస్తారు. తవ్వకం మిగులుతుందని పైన చదునుగా వేసి, చివర్లో బావిలోకి దూకిస్తారు.

‘వాలు ఎక్కువైతే నీళ్లు పరుగెత్తి మలం మిగిలిపోతుంది’ అనే మాట ప్రతి సైటులోనూ వినిపిస్తుంది. ఈ వాలుల్లో అది లెక్కకు నిలవదు. రెండో లైను పైపుకుండే సుమారు 150 ఎం.ఎం. లోపలి వ్యాసంలో, అదే 1.1 లీటర్లకు, హ్యూమ్ పైపు గరుకుతనంతోనే లెక్కేసినా, వాలు 150కి 1 నుంచి 60కి 1కి మారితే నీటి లోతు 30 ఎం.ఎం. నుంచి 24కి తగ్గుతుంది, వేగం 0.43 నుంచి 0.6కి పెరుగుతుంది. పోయేది ఆరు మిల్లీమీటర్ల లోతు మాత్రమే.

లెక్కలో కనపడని లాభం ఇంకొకటుంది, నా దృష్టిలో అదే పెద్దది. 250కి 1 వాలంటే రెండున్నర మీటర్ల హ్యూమ్ పైపుకు 10 ఎం.ఎం. దించాలి. పైపు కింద పరిచే బెడ్డింగులో అంత తేడా వస్తే ఆ పైపు మట్టంగా పడుకుంటుంది, ఇంకొంచెం వస్తే ఎదురు వాలు. మొదటి వీధిలో జరిగిందదే. 80కి 1 వాలంటే ఆరు మీటర్ల పైపుకు 75 ఎం.ఎం., రెండు మ్యాన్‌హోల్స్ మధ్య 375. అక్కడ 10 ఎం.ఎం. పొరపాటు జరిగినా ఆ ముక్కలో 92కి 1 మిగులుతుంది. మేస్త్రి చేతి పొరపాటును భరించే వాలు ఇది.

అయినా స్పిరిట్ లెవెల్, నూలుతాడు నమ్ముకుని వేయకూడదు. ప్రతి మ్యాన్‌హోల్ దగ్గరా డంపీ లెవెల్‌తో ఇన్వర్ట్ మట్టం, అంటే పైపు లోపలి అడుగు మట్టం తీసి, వాలు చూపే అడ్డపట్టీలైన సైట్ రెయిల్స్ పాతి, ప్రతి పైపునూ టీ ఆకారపు బోనింగ్ రాడ్‌తో సరిచూడాలి. కింది చివర నుంచి మొదలుపెట్టి, సాకెట్ మూతి ఎగువకు ఉండేలా వేసుకుంటూ పోవాలి. ముర్రం నేలలో 100 ఎం.ఎం. ఇసుక పరిచి, సాకెట్ కూర్చునే చోట చిన్న గుంట తీయాలి. ఆ గుంట తీయకపోతే పైపు సాకెట్ల మీద ఆనుకుని మధ్యలో తేలుతుంది, మట్టి పూడ్చాక కుంగి కడుపు దిగుతుంది. మ్యాన్‌హోల్ అడుగున కూడా పైపు వాలులోనే సగం గొట్టం ఆకారంలో కాలువ తీర్చి, దాని రెండు పక్కలా కాలువవైపు వాలేలా బెంచింగ్ చేయాలి. చదునుగా ప్లాస్టరింగ్ చేసి వదిలేసిన మ్యాన్‌హోల్ ఒక చిన్న చెరువే.

లైను బాగుందో లేదో తేల్చడానికి రెండు పరీక్షలు చాలు. తెల్లవారుజామున, ఎవరూ నీళ్లు వాడని వేళ, ఒక మ్యాన్‌హోల్ దగ్గర పైనుంచే పొడుగు కర్రకు కట్టిన అద్దం దించి, తర్వాతి మ్యాన్‌హోల్ నుంచి టార్చి కొట్టించండి. వెలుగు గుండ్రంగా కనపడాలి. కింది భాగం తెగి మెరుస్తుంటే మధ్యలో నీళ్లు నిలిచాయని, అంటే పైపు కుంగిందని అర్థం. రెండోది పొద్దుట రద్దీలో. ఎగువ మ్యాన్‌హోల్‌లో పొటాషియం పర్మాంగనేట్ రంగునీళ్లు పోసి, 30 మీటర్ల అవతల చిక్కటి రంగు చేరేదాకా సమయం చూడాలి. 50 సెకన్లయితే 0.6 వచ్చినట్టు. మా మొదటి వీధి పైభాగంలో ఇది రెండు నిమిషాల దగ్గరుంటుంది. ఏ పరీక్షకైనా, ఏ అడ్డు తీయడానికైనా మనిషిని లోపలికి దించవద్దు. ఆగిన మురుగు నుంచి ప్రాణం తీసే హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు వస్తుంది. మనుషులతో మలం ఎత్తించడాన్ని నిషేధించిన 2013 చట్టం కూడా రక్షణ లేకుండా దించడాన్ని నిషేధించింది.

ఇక లోటు. మొదట్లో 0.9 మీటర్ల లోతున మొదలైన రెండో లైను చివర 3.3 మీటర్లకు చేరింది. అంత లోతు కందకానికి రెండు వైపులా చెక్కలు బిగించి ఆపు పెట్టాల్సి వచ్చింది, బావి కూడా లోతైంది. పంపు ఎక్కువ ఎత్తుకు తోడుతుంది, ఆ కరెంటు ఖర్చు ఎప్పటికీ ఉంటుంది. మా నేలలో నీళ్లు తగల్లేదు కాబట్టి ఇది గిట్టింది. గోదావరి, కృష్ణా డెల్టాలో మీటరు తవ్వితే నీళ్లు ఊరే చోట దీన్ని యథాతథంగా దించడం కుదరదు. అక్కడ లైన్లను చిన్న ముక్కలుగా విడగొట్టి మధ్యలో ఇంకో పంపు బావి పెట్టాలి. లేదా ప్రతి ఇంటి దగ్గర ఘనపదార్థం దిగే ట్యాంకు కట్టి, తేరిన నీటిని మాత్రమే సన్నపైపులో పంపాలి. మలం, ఇసుక లైనులోకి రానప్పుడు 0.6 పట్టింపు ఉండదు, వాలు బాగా తగ్గించవచ్చు. అయితే ఆ ట్యాంకుల్లో బురదను క్రమంగా తోడించే బాధ్యత ఎవరిదో లైను వేయకముందే రాసుకోవాలి. ఒక్క ఇంటి ట్యాంకు నిండి పొంగినా ఆ ఘనపదార్థం నేరుగా ఆ చదును పైపులోకే వస్తుంది.