జాకెట్టు ప్రివ్యూ: ముందు గుడ్డ కొలవండి, తర్వాతే ఫోన్ తీయండి

అమ్మాయిలూ, ఫొటో పెడితే జాకెట్టు తొడిగి చూపించే యాప్‌ని నేను కిందటి ఏడాది శ్రావణ మాసం నుంచి వాడుతున్నాను. కోర్సు అయ్యాక ఇంటి దగ్గర మిషన్ పెట్టుకునే మీకు ఇది ఎంతవరకు పనికొస్తుందో రాస్తున్నాను.

ముందు లాభం చెప్తాను. పట్టుచీర జాకెట్టుకి వచ్చిన ఆవిడ పుస్తకంలో బొమ్మలన్నీ తిరగేసి, "ఇంటికెళ్లి అడిగి చెప్తానమ్మా" అని గుడ్డ తీసుకుని వెళ్లిపోవడం మనకు కొత్త కాదు. పుస్తకంలో ఉన్నది వేరే చీర, వేరే మనిషి. తన చీర రంగులో, తన అంచుతో మెడ కనిపిస్తే ఆ వెనకాముందులు చాలావరకు ఉండవు. బొమ్మను అక్కడి నుంచే హైదరాబాద్‌లో ఉన్న కూతురికి వాట్సాప్‌లో పంపితే, మనం కొలతలు రాసుకునేలోపు జవాబు వస్తుంది.

అయితే ఈ యాప్‌కి గుడ్డ ఎంత ఉందో తెలియదు. ఇబ్బందులన్నీ అక్కడే మొదలవుతాయి. ఈ మధ్య ఒకావిడ గద్వాల చీర తెచ్చింది. జాకెట్టు పీసు 80 సెంటీమీటర్లు, అంటే సుమారు 31 అంగుళాలు. ఒకవైపు పెద్ద అంచు, రెండోవైపు చిన్న అంచు. మోచేతి దాకా చేతులు, వాటికి పెద్ద అంచు, వీపున కుండ మెడ, దాని చుట్టూ కూడా అదే అంచు కావాలంది. యాప్‌లో అలా పెడితే బొమ్మ బ్రహ్మాండంగా వస్తుంది, కానీ ఆ జాకెట్టు కుట్టలేం. ఆవిడ చెయ్యి వెడల్పున్న చోట కుట్టు మార్జిన్‌తో కలిపి 15 అంగుళాలు. రెండు చేతులూ అంచు మీద పక్కపక్కనే పరిస్తే 30. పెద్ద అంచు అంతటితో అయిపోయింది.

ఇక మిగిలింది చిన్న అంచు. జరీ అంచు తిన్నగా నేసింది కాబట్టి గుండ్రటి మెడ చుట్టూ తిప్పితే లోపలి వైపు ముడతలు పడి పైకి లేస్తుంది. బొమ్మలో మాత్రం అది పెయింట్ వేసినట్టు నున్నగా తిరుగుతుంది. అందుకే స్క్వేర్ నెక్ లెక్క వేశాం: లోతు రెండు పక్కలా తొమ్మిదేసి, కింద 7, మొత్తం 25. మూలల మడతలకు, పై చివరలకు ఇంకో మూడు, అంటే 28. చిన్న అంచు 31 ఉంది కాబట్టి సరిపోతుంది. అప్పుడు ప్రివ్యూలు రెండే చేశాను: చిన్న అంచుతో స్క్వేర్ నెక్, అంచు లేకుండా పైపింగ్ వేసిన కుండ మెడ. ఆవిడ మొదటిది చూపించి అడ్వాన్సు ఇచ్చింది. ఆరేడు చూపించి ఉంటే మళ్లీ పుస్తకం తిరగేసినట్టే అయ్యేది.

మీరూ ఇదే వరుసలో చేయండి. పీసు పరిచి అంచులు కొలిచాక, కుదిరే వాటికే బొమ్మ చేయండి.

మెడ లోతు విషయంలో కూడా బొమ్మను నమ్మొద్దు. అందులో ఏడంగుళాలకీ పదంగుళాలకీ తేడా తెలియదు. పైగా ఈ యాప్ మనిషిని కాస్త సన్నగా చేసి చూపిస్తుంది, భుజాలు సమంగా లాగేస్తుంది. పేపర్ మీద మెడ కత్తిరించి, ఆవిడ వేసుకున్న జాకెట్టు వీపు మీద పిన్ను పెట్టి అద్దంలో చూపించండి. "అమ్మో, ఇంత కిందికా" అనేది ఆవిడ అప్పుడే అంటుంది. ముందూ వెనకా రెండూ లోతుగా అడిగితే భుజం జారుతుందని, వీపున తాళ్లు వేయాలని అప్పుడే చెప్పండి.

రంగు సంగతి కూడా అంతే. ట్యూబ్‌లైటు కింద తీసిన ఫొటోలో మెరూన్ ఒకలా, పసుపు ఇంకోలా వస్తాయి. చీరను వరండాలో పగటి వెలుతురులో, ఎండ నేరుగా పడకుండా పెట్టి తీయండి. పైపింగ్, లైనింగ్ రంగులు మాత్రం గుడ్డ పక్కన గుడ్డ పెట్టే ఎంచండి.

ఫొటో తీసేముందు తప్పకుండా అడగండి. వీపు వైపు నుంచి, ముఖం రాకుండా తీస్తే చాలు. ఇలాంటి యాప్‌లలో చాలావరకు బొమ్మను వాళ్ల సర్వర్‌కి పంపాకే పని చేస్తాయి, పైగా మన ఫోన్ ఇంట్లో అందరి చేతుల్లోకీ వెళ్తుంది. ఇష్టం లేదంటే బలవంతం వద్దు. ఆది జాకెట్టును పలక మీద పరిచి తీసిన ఫొటోతో కూడా పని జరుగుతుంది, నిజానికి మెడ ఆకారం అందులోనే సరిగ్గా కనిపిస్తుంది.

ఒప్పుకున్న బొమ్మను ఆర్డర్ నంబరుతో దాచి, చీటీ మీద లోతు, చేతుల పొడవు, ఏ అంచు ఎక్కడ, తాళ్లకు అదనంగా ఎంత, అన్నీ రాసి ఆవిడకు చూపించండి. డెలివరీ రోజు "నేను చెప్పింది ఇది కాదు" అన్న మాట వస్తే ఆ చీటీయే చూపించొచ్చు. జాకెట్టు ఇచ్చాక మనిషి ఉన్న ఫొటోను ఆవిడ ముందే తీసేయండి.

రోజువారీ కాటన్ జాకెట్లకు, ఫాల్ పీకోలకు ఇదంతా అక్కర్లేదు. నెట్ సరిగ్గా లేని రోజున ఒక్క బొమ్మ కోసం పది నిమిషాలు ఎదురుచూడటం కంటే ఆది జాకెట్టు తీసుకుని చీటీ రాసివ్వడమే త్వరగా అవుతుంది.